క్రియ సొంత అర్థంతో ఉందా, ప్రత్యయంగా మారిందా: తేల్చుకునే చిట్కా

స్వతంత్రమైన మాటలు కాలక్రమంలో ప్రత్యయాలుగా అరిగిపోవడాన్ని వ్యాకరణీకరణ అంటారు. తెలుగులో ఏదైనా క్రియ ఆ దారి పట్టిందా లేదా అని సందేహం వస్తే, ఆ క్రియను దాని పక్కనే మరోసారి పెట్టి చూడండి. ‘చీర కొనుక్కున్నది’ అన్నప్పుడు మొదటి ‘కొను’ డబ్బిచ్చి తీసుకోవడాన్ని చెబుతుంది. రెండవది ఆ పని తన కోసమే జరిగిందని మాత్రమే సూచిస్తుంది. రెండింటికీ ఒకే అర్థం ఉంటే ఆ వాక్యం వ్యర్థమైన పునరుక్తిగా వినిపించేది. ‘తలుపు వేసేశాడు’ అన్నదీ ఇలాంటిదే: ‘వేసి’, ‘వేశాడు’ కలిసిపోయి, రెండవ ‘వేయు’ పని పూర్తయిందన్న సూచనగా మిగిలింది.

ఈ పరీక్షకు లొంగని చోట నడుమ ఒక మాటను చొప్పించి చూడవచ్చు. ‘కాగితం చింపేశాడు’ అంటే పూర్తిగా చింపాడని అర్థం. ‘కాగితం చింపి బయట వేశాడు’ అనగానే ‘వేయు’కు పడవేయడమనే పాత అర్థం తిరిగి వస్తుంది, అంటే సహాయక క్రియగా మారిన రూపం ముందున్న క్రియను విడిచి ఉండలేదన్నమాట.

అయితే రూపం కుదించుకుపోవడాన్ని మాత్రమే గుర్తుగా తీసుకోకూడదు. ‘పాలు విరిగిపోయాయి’ అన్న వాక్యంలో ‘పోయాయి’ అక్షరం తగ్గకుండా నిలిచే ఉన్నది, కానీ పాలు గిన్నె దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అర్థం ముందుగా పలచబడింది, ధ్వని ఇంకా అరగలేదు.