కొత్త షిఫ్టుల్లో మొదటి నైట్‌కు ముందు చేయాల్సినవి

మాది ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని, నా కింద పనిచేసేది డంపర్ బ్యాచ్. నిన్న రాత్రి మస్టర్ పడ్డాక బండ్లు ఎక్కేముందు మావాళ్లను నిలబెట్టి కొత్త షిఫ్టుల గురించి అరగంట మాట్లాడాను. రాలేనివాళ్లు ముగ్గురున్నారు, వేరే గనుల్లో ఇదే పని చేసేవాళ్లకూ పనికొస్తుందని చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నా.

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ వారంతో ఆరు నైట్ల పద్ధతి అయిపోతుంది. ఇకమీదట రెండు ఫస్ట్ షిఫ్టులు, రెండు సెకండ్ షిఫ్టులు, రెండు నైట్లు, ఆ తర్వాత రెండు రోజులు సెలవు. మూడు బ్యాచ్‌ల స్థానంలో నాలుగు బ్యాచ్‌లు, ఎనిమిది రోజులకు ఒక చుట్టు. మన బ్యాచ్ ఆదివారం పొద్దున 7కు దిగిపోతుంది, మంగళవారం పొద్దున 7కు ఫస్ట్ షిఫ్ట్‌కు రావాలి. మంగళ, బుధ ఫస్ట్, గురు, శుక్ర సెకండ్, శని, ఆది నైట్. సోమవారం పొద్దున దిగితే మళ్లీ బుధవారం పొద్దునే రావడం.

ఎందుకు మార్చామో కూడా తెలియాలి మీకు. పోయిన చలికాలంలో మన డంప్ యార్డ్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఐదో నైట్, తెల్లవారుజామున 4.20. బండి వెనక్కి తీస్తూ అంచున పోసిన మట్టి కట్ట మీదికి ఎక్కించేశాడు మనోడు, వెనక చక్రాలు కట్టలో కూరుకుపోయాయి కాబట్టి ఆగింది. కట్ట ఆపకపోతే నలభై అడుగుల కింద పడేది. అతను తాగలేదు, ఫోన్ చూడలేదు. ఆ వారం పగలు రోజుకు నాలుగైదు గంటలే పడుకున్నాడు, నాలుగు రోజుల్లోనే దాదాపు పదిగంటల నిద్ర బాకీ పడ్డాడు. వెనక్కి తీయడానికి గేర్ వేసింది కూడా గుర్తులేదన్నాడు. నేను అతని చేయి పట్టుకుని దింపాను, ఆ చేతి వణుకు ఇంకా మర్చిపోలేదు.

ఆరు నైట్లు వరసగా చేస్తే ఒళ్లు అలవాటు పడుతుందని మనం ఇన్నేళ్లూ అనుకున్నాం. పడదు. డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడు ఎండ కళ్లల్లో పడుతుంది కదా, ఆ వెలుతురే ఒంటికి ఇది పగలని చెప్పేస్తుంది, అందుకే ఆరు రోజులైనా ఒళ్లు మధ్యలోనే వేలాడుతుంది, నిద్ర బాకీ మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది. రెండే నైట్లయితే బాకీ పెరగకముందే సెలవు వచ్చేస్తుంది. ఇంకోటి, ఇప్పటిదాకా నైట్ తర్వాత సెకండ్, సెకండ్ తర్వాత ఫస్ట్, ఇలా వెనక్కి తిరిగేవాళ్లం. మనిషికి రెండు గంటలు ఆలస్యంగా పడుకోవడం తేలిక, రెండు గంటలు ముందుగా పడుకోమంటే నిద్ర రాదు. అందుకే ఇప్పుడు ముందుకు తిప్పుతున్నాం. ఏ షిఫ్ట్ నుంచి ఏ షిఫ్ట్‌కు మారినా మధ్యలో కనీసం 24 గంటలుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పద్ధతిలో బాగా జాగ్రత్తపడాల్సిన రాత్రి మొదటి నైట్. నైట్లు తక్కువ కదా అని దాన్ని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటాం.

లెక్క చూడండి. పొద్దున 6కు లేచి, రోజంతా ఇంటి పనులు చూసుకుని, కునుకు తీయకుండా రాత్రి 11కు డ్యూటీ ఎక్కాడనుకోండి. ఎక్కేటప్పటికే 17 గంటలు మేలుకొని ఉన్నాడు. అంతసేపు మేలుకున్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితనంతో సమానమని 1997లోనే ఆస్ట్రేలియాలో పరీక్షించి చెప్పారు. మన దేశంలో రోడ్డు మీద బండి నడపడానికి హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టకుండానే తాగి బండెక్కినట్టు. తెల్లవారుజామున 4కు అతనికి 22 గంటలు అవుతాయి, అదీ ఒంట్లో వేడి బాగా తగ్గి నిద్ర ముంచుకొచ్చే వేళ.

అదే మన శనివారం చూద్దాం. శుక్రవారం రాత్రి 11కు సెకండ్ షిఫ్ట్ దిగి, ఇంటికి పోయి 12.30కు పడుకుంటారు. ఎనిమిదింటి దాకా లేవకండి. పిల్లలను బడికి దింపడం ఆ ఒక్కరోజు ఇంకెవరికైనా అప్పగించండి. మధ్యాహ్నం తిన్నాక 4 నుంచి 6 దాకా మళ్లీ పడుకోండి, నిద్ర రాకపోయినా చీకట్లో కళ్లు మూసుకుని ఉండండి. అప్పుడు 11కు బండెక్కేటప్పటికి లేచి ఐదు గంటలే అవుతుంది. ఈ రెండు గంటల కునుకు తీయకపోతే ఈ కొత్త పద్ధతంతా కాగితం మీదే మిగులుతుంది.

పగటి నిద్రకు గది చీకటిగా ఉండాలి. రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లకు ఈ ఎండలకు కష్టమే, నాకు తెలుసు, కిటికీకి తడి గోనెపట్టా కట్టండి, చీకటీ అవుతుంది, చల్లగానూ ఉంటుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. రెండో నైట్ దిగిన సోమవారం మాత్రం మధ్యాహ్నం 12, ఒంటిగంటకల్లా లేచేయండి, లేకపోతే ఆ రాత్రి నిద్రపట్టదు, మంగళవారం కూడా పాడవుతుంది.

నైట్‌లో టీ తాగండి, కానీ తెల్లవారుజామున 3 దాటాక వద్దు. ఒక టీ ఒంట్లో సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది, 4.30కు తాగితే ఇంటికెళ్లి పడుకున్నా నిద్ర పలచగానే ఉంటుంది. జలుబు మాత్రలు వేసుకున్నవాళ్లు మస్టర్ దగ్గరే నాకు చెప్పండి, వాటిలో చాలావరకు నిద్ర తెప్పిస్తాయి.

బండి మీద ఉన్నప్పుడు ఆవలింత కోసం ఎదురుచూడకండి, అంతకంటే ప్రమాదమైన గుర్తులు వేరే ఉన్నాయి. పోయిన మలుపు ఎలా తిప్పారో గుర్తులేకపోవడం, వైర్‌లెస్‌లో పిలిస్తే రెండోసారికి గానీ వినపడకపోవడం, బండి మెల్లగా ఒక పక్కకు జరిగి ఉలిక్కిపడి సరిచేయడం. వీటిలో ఒక్కటి కనపడినా మీరు అప్పటికే మూడు నాలుగు సెకన్లు నిద్రపోయి లేచారని అర్థం. 30 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే 33 మీటర్లు. వానలు మొదలై రోడ్డు బురదైతే ఆ 33 మీటర్ల తర్వాత బ్రేక్ కూడా సరిగా పట్టదు.

అప్పుడు చేయాల్సింది ఇదీ. వైర్‌లెస్‌లో "పక్కకు పెడుతున్నా" అనండి, కారణం అడగను. విశ్రాంతి షెడ్డు దగ్గర సమతల నేల మీద ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, షెడ్డులోకి వెళ్లి 20 నిమిషాలు పడుకోండి. అలారం పెట్టుకోండి, అరగంట దాటితే గాఢ నిద్రలోకి పోతారు, లేచాక మత్తు ఇంకా ఎక్కువ. లేచి ముఖం కడుక్కుని 15 నిమిషాలు నడిచాకే స్టీరింగ్ పట్టండి. బండి నీడలో, చక్రాల పక్కన మాత్రం ఎప్పుడూ పడుకోవద్దు, వెనక నుంచి వచ్చే డంపర్ వాడికి మీరు కనపడరు.

ఒక కుర్రాడు అడిగాడు, సెలవు రోజు ఓటీ చేసుకోవచ్చా అని. ఇల్లు గడవాలి, ఆ బాధ నాకూ తెలుసు, అయినా నైట్ దిగిన రోజు ఓటీ రాయను. షిఫ్ట్ మార్చుకోవడం కూడా అంతే, సెకండ్ చేసి రాత్రి 11కు దిగినవాడు తెల్లారి 7కు ఫస్ట్‌కు వస్తే దారి పోను ఐదు గంటలు కూడా నిద్ర దొరకదు. ఇంకో నష్టం కూడా ఉంది, దాచను. సెలవు ప్రతి చుట్టుకూ ఒకరోజు జరుగుతుంది, ఎనిమిది వారాల్లో రెండు ఆదివారాలే ఇంట్లో దొరుకుతాయి. పెళ్లిళ్లు, జాతరలు ఉన్నవాళ్లు నెల ముందే తేదీ చెబితే సర్దుతాను.

పొద్దున బైక్ మీద ఇంటికి పోవద్దు, ఆ రెండు నైట్లకూ బస్సే ఎక్కండి. శనివారం రాత్రి 3 నుంచి 5 దాకా నేను డంప్ యార్డ్ దగ్గరే ఉంటాను, ప్రతి బండినీ వైర్‌లెస్‌లో పేరుపెట్టి పిలుస్తాను. రెండోసారి పిలిచేదాకా పలకనివాళ్లను నేనే దింపి షెడ్డుకు పంపిస్తాను, మస్టర్‌లో ఒక్క నిమిషం కూడా కోయను.