భాషా డాక్యుమెంటేషన్ ప్రాజెక్టుకి కవర్ లెటర్ ఎలా రాయాలి?

తేలికైనవి ముందు గబగబా చెప్పేస్తాను. లెటర్ ఒక్క పేజీ దాటకూడదు, పీడీఎఫ్‌లోనే పంపాలి, మొదటి వాక్యంలోనే పోస్టు పేరూ ప్రాజెక్టు పేరూ ప్రకటనలో ఉన్నట్టే రాయాలి. చిన్నప్పటి నుంచి భాషలంటే ప్రాణం అనే వాక్యం ఉంటే కొట్టేయండి. మార్కులు, సెమినార్లు రెజ్యూమెలో ఉంటాయి కాబట్టి ఇక్కడ అక్కర్లేదు. చివర్లో ఎప్పటి నుంచి చేరగలరో, ఊళ్లో ఉండి పనిచేయగలరో లేదో ఒక వాక్యం చాలు.

అసలు కష్టమంతా మధ్య పేరాలో ఉంది. గుంటూరు, విజయవాడ పిల్లలు నాకు చూడమని పంపే లెటర్లలో పదికి తొమ్మిది అక్కడే పాడవుతున్నాయి. ‘లంబాడీ భాష మీద ఫీల్డ్‌వర్క్ చేశాను, ఎనిమిది గంటల డేటా ఉంది, ELAN, FLEx, Praat వచ్చు’ అని సాఫ్ట్‌వేర్ పేర్లు కలిపి రాసేస్తారు. చదివేవాళ్లకి దీనివల్ల ఏమీ తెలియదు. ఎనిమిది గంటలు రికార్డు చేయడం వేరు, దాన్ని విని రాయడం వేరు, రాసినదాన్ని పదభాగాలుగా విడగొట్టి ప్రతి ముక్కకీ అర్థం, వ్యాకరణ గుర్తు పెట్టడం, అంటే గ్లాసింగ్, పూర్తిగా వేరు. ఒక్క నిమిషం మాటని గ్లాస్ చేయడానికి గంట పైనే పట్టడం మామూలు విషయం. ఆ సంగతి తెలిసినవాళ్లే మీ లెటర్ చదువుతారు, అన్నిటికీ కలిపి ఒకే అంకె వేస్తే వాళ్లకి అనుమానం వస్తుంది.

అందుకే నాలుగు అంకెలు విడివిడిగా ఇవ్వాలి: రికార్డు చేసింది ఎంత, విని రాసింది ఎంత, గ్లాస్ చేసింది ఎంత, మాట్లాడినవాళ్ల దగ్గర కూర్చుని సరిచూసుకున్నది ఎంత. మాచర్ల వైపు తండాలో పనిచేసిన అభ్యర్థి ఒకరున్నారనుకుందాం. లెటర్ ఇంగ్లీషులోనే పంపుతారు గానీ, విషయం ఇలా ఉండాలి:

‘పల్నాడులోని ఒక తండాలో ఎనిమిది గంటల లంబాడీ మాటలు, కథలు WAV ఫైళ్లుగా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేశాను. అందులో రెండు గంటలు ELANలో రాసి అనువదించాను. ముప్పై నిమిషాలు గ్లాస్ చేశాను, అందులో ఇరవై నిమిషాలు మాట్లాడినవారితో సరిచూశాను. మధ్యలో వచ్చే తెలుగు మాటలకి వేరే టైర్ పెట్టి గుర్తించాను.’

టైర్ అంటే ELANలో రికార్డింగ్ కింద మనం రాసుకునే ఒక్కో వరుస. ఆ చివరి వాక్యాన్ని మాత్రం వదలొద్దు. లంబాడీ ఇండో-ఆర్యన్ భాష, తండాలో మనుషులు రోజంతా తెలుగు కూడా మాట్లాడతారు, ఒకే వాక్యంలో రెండూ కలుస్తాయి. ఏ ముక్క ఏ భాషదో గుర్తించకపోతే రేపు ఆ డేటాలో వెతికేవాడు తెలుగు ప్రత్యయాన్ని లంబాడీదిగా లెక్కేస్తాడు. ఈ చిక్కు మీకు ఎదురైంది, దానికి ఒక దారి వెతుక్కున్నారు అని చెప్పే ఈ ఒక్క వాక్యం సాఫ్ట్‌వేర్ పేర్లు పది రాసినదానికంటే బలంగా ఉంటుంది. పేర్ల జాబితా రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, నేను ఒప్పుకోను. ఆ సాఫ్ట్‌వేర్లు వారంలో నేర్పించవచ్చు, ఈ చూపు అలా రాదు.

అంకెలు అంచనాగా వేయొద్దు. ELANలో View మెనూలోని Annotation Statistics తెరిస్తే ఏ టైర్‌లో మొత్తం ఎంత సేపటి అనొటేషన్లు ఉన్నాయో కనిపిస్తుంది. అయితే తర్వాత నింపుదామని ముందే చేసి పెట్టుకున్న ఖాళీ గళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తాయి, వాటిని తీసేసి లెక్క చూసుకోండి. అలాగే గ్లాస్ టైర్‌లో చతుర్థీ విభక్తి గుర్తు ఒకచోట DAT, ఇంకోచోట Dat, మరోచోట dat అని ఉంటే ముందు వాటిని ఒకే రూపానికి తెచ్చి, ఆ తర్వాతే ‘గ్లాస్ చేశాను’ అని రాయండి. మనిషికి మూడూ ఒకటే, వెతికే ప్రోగ్రాముకి మాత్రం వేరువేరు. ఈ సరిచూడటానికి మీరు చిన్న పైథాన్ స్క్రిప్టు రాసి ఉంటే అది ఏం పట్టుకుంటుందో ఒక వాక్యంలో చెప్పండి: పదంలో ఎన్ని ముక్కలున్నాయో గ్లాస్‌లోనూ అన్నే ఉన్నాయా, జాబితాలో లేని గుర్తులు వచ్చాయా అని. ‘పైథాన్ వచ్చు’ అన్న మాటకంటే అది ఎంతో నయం.

లెటర్‌తో పాటు రెండు నిమిషాల నమూనా, అంటే WAV ఫైలూ దానికి ELANలో చేసిన .eaf ఫైలూ జతచేస్తే మంచిది. కానీ ఆ రికార్డింగ్‌లో మాట్లాడినవాళ్లు బయటివాళ్లకి వినిపించడానికి ఒప్పుకున్నారో లేదో ముందు చూసుకోండి. చదువు కోసమే అని అడిగి రికార్డు చేసినదాన్ని ఉద్యోగం కోసం పంపకూడదు, మళ్లీ అడగాలి. వాళ్లు వద్దంటే ఫైలు పంపకుండా, ‘సమ్మతి లేనందున నమూనా జతచేయలేదు’ అని రాసేయండి.