పెట్టుబడి లెక్కలు, 7వ పాఠం: ఫోటోలోని పట్టిక నుంచి రెండు ప్రాజెక్టుల పోలిక

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులలో ఎక్కువ భాగం రూ. 72,164 దగ్గర ఆగిపోయాయి. రావలసిన జవాబు రూ. 80,824. పది లక్షల పెట్టుబడి, మూడేళ్ల పాటు ఏటా నాలుగున్నర లక్షల రాబడి, 12 శాతం డిస్కౌంటు రేటు; వీటితో నికర వర్తమాన విలువ, అంటే రాబోయే రాబడుల ఈనాటి విలువలోంచి పెట్టుబడి పోగా మిగిలేది, కట్టాలి, అంతే లెక్క. ఇంతమందికి ఒకే తప్పు అంకె వచ్చిందంటే అది కూడికలో దొర్లిన పొరపాటు కాదు. 80,824ను 72,164తో భాగించి చూడండి, 1.12 వస్తుంది. అంటే మీ జవాబు మొత్తంగా ఒక ఏడాది అదనంగా డిస్కౌంటు అయింది. అందుకే ఈ రోజు పాఠంలోకి వెళ్లే ముందు ఈ ఒక్క విషయాన్ని విసుగు పుట్టేంత వివరంగా చెప్పక తప్పదు.

ఎక్సెల్‌లోని `NPV` ఫంక్షన్ తనకు ఇచ్చిన వరుసలో మొదటి గడిని మొదటి ఏడాది చివర చేతికొచ్చిన సొమ్ముగా భావిస్తుంది. దానికి సున్నా ఏడాది అనేది ఒకటుందని తెలియదు. ఈ రోజు చేతినుంచి పోయే పెట్టుబడిని కూడా అదే వరుసలో కలిపి ఇస్తే, దానిని ఏడాది తరువాత పెట్టే ఖర్చుగా చూసి 1.12తో భాగిస్తుంది, మొదటి ఏడాది రాబడిని రెండో ఏడాదికి, రెండోదానిని మూడో ఏడాదికి నెడుతుంది. ఫంక్షన్ పేరు నికర వర్తమాన విలువే అయినా అది చేసేది రాబడుల వర్తమాన విలువను కూడడం మాత్రమే. పెట్టుబడిని మీరు విడిగా, భాగించకుండా, బయట కలపాలి. పెట్టుబడి B2లోను, రాబడులు B3 నుంచి B7 వరకు ఉన్నాయనుకుంటే తప్పు, ఒప్పు ఇలా ఉంటాయి.

```
తప్పు:  =NPV(12%,B2:B7)
ఒప్పు:  =NPV(12%,B3:B7)+B2
```

B2లో సంఖ్య ఋణాత్మకంగా ఉంది కనుక కూడిక గుర్తు పెట్టాము. ఈ తప్పు ఇంతకాలం పట్టుబడకుండా తిరగడానికి కారణం, అది జవాబు గుర్తును మార్చకపోవడం. లాభమున్న ప్రాజెక్టు లాభంగానే, నష్టమున్నది నష్టంగానే కనబడుతుంది. రెండు ప్రాజెక్టులకూ ఒకే తప్పు చేస్తే వాటి వరుస కూడా మారదు. అలాంటప్పుడు పట్టించుకోవడం ఎందుకని కొందరు అడిగారు. దానికి జవాబు ఈ పాఠంలోనే దొరుకుతుంది.

ఇక ఈ రోజు లెక్క. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక వ్యాపారి రెండు ప్రతిపాదనలలో ఒకదానినే చేపట్టగలడనుకుందాం. ఒకటి పడవలకు ఐసు అమ్మే ఐస్ ప్లాంటు, రెండోది కోల్డ్ స్టోరేజీ. అంకెలు ఉదాహరణ కోసం కూర్చినవి. ఆయన పంపిన ఫోటోలో కాగితం కొంచెం వంకరగా ఉంది, పై అంచు తెగిపోయింది, కింది కుడి మూల మీద ట్యూబులైటు వెలుగు పడి మెరుస్తోంది. మనకు చదవగలిగినంతలో పట్టిక ఇది.

| ఏడాది | ఐస్ ప్లాంటు | కోల్డ్ స్టోరేజీ |
|---|---|---|
| 0 | (40) | (40) |
| 1 | 18 | 8 |
| 2 | 16 | 10 |
| 3 | 10 | 12 |
| 4 | 6 | 16 |
| 5 | 4 | 13? |
| మొత్తం | 14 | 24 |

తెగిపోయిన పై అంచులో "రూ. ల" అన్నంతవరకే కనబడుతోంది కనుక సంఖ్యలు లక్షలలో ఉన్నాయని తీసుకుంటాము. అసలు జాగ్రత్త పడవలసినది ఐదో ఏడాది గడి దగ్గర. వెలుగు పడిన చోట 8 అంకె ఎడమ వైపు గీతలు మాసిపోయి 3లా కనబడుతుంది. కళ్లు చికిలించి తేల్చుకునే బదులు "మొత్తం" అని రాసిన చివరి వరుసను సాక్ష్యం అడగండి. ఐస్ ప్లాంటు వరుసలో రాబడులు 54, అందులోంచి 40 తీసివేస్తే 14. కనుక కుండలీకరణాలలో ఉన్న సంఖ్య ఋణాత్మకమనీ, మొత్తం అంటే పెట్టుబడి పోగా మిగిలినదనీ రుజువైంది. అదే పద్ధతిలో కోల్డ్ స్టోరేజీ వరుసను 13తో కూడితే 19 వస్తుంది, కాగితం మీద 24 ఉంది. తేడా 5. మూడును ఎనిమిదిగా మారిస్తే సరిగ్గా ఆ ఐదే పూడుతుంది. గడిలో ఉన్నది 18.

ఫోటో నుంచి ఎత్తి రాసిన పట్టికను మొత్తాలతో సరిచూడకుండా లెక్క మొదలుపెట్టవద్దు. మొత్తం వరుస లేని ఫోటో వస్తే నేను లెక్క చేయను, మరో ఫోటో అడుగుతాను.

నికర వర్తమాన విలువను నేను ఎక్సెల్‌లో కాక మామూలు కాలిక్యులేటర్ మీద చివరి ఏడాది నుంచి వెనక్కి వస్తూ కడతాను. డిస్కౌంటు కారకాల పట్టిక అవసరం ఉండదు. కోల్డ్ స్టోరేజీకి ఐదో ఏడాది 18ని 1.12తో భాగిస్తే 16.07. దానికి నాలుగో ఏడాది 16 కలిపితే 32.07, భాగిస్తే 28.64. మూడో ఏడాది 12 కలిపి భాగిస్తే 36.28. రెండో ఏడాది 10 కలిపి భాగిస్తే 41.32. మొదటి ఏడాది 8 కలిపి భాగిస్తే 44.04. అందులోంచి 40 తీసివేస్తే 4.04 లక్షలు. చివరి మెట్టులో పెట్టుబడిని తీసివేయడమే తప్ప భాగించడం లేదు కనుక, పైన చెప్పిన పొరపాటుకు ఈ దారిలో చోటే లేదు. ఐస్ ప్లాంటుకు ఇదే విధంగా కడితే రాబడుల వర్తమాన విలువ 42.03, నికరంగా 2.03 లక్షలు.

కోల్డ్ స్టోరేజీ దాదాపు రెట్టింపు విలువతో ముందుంది. ఇప్పుడు ఐదో ఏడాదిని 13గా చదివి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఐదేళ్ల తరువాతి 5 లక్షల వర్తమాన విలువ 2.84 లక్షలు. 4.04 నుంచి అది పోతే 1.20 మిగులుతుంది, ఐస్ ప్లాంటు ముందుకొస్తుంది. ట్యూబులైటు వెలుగు ఒక అంకె మీద పడినందుకు నిర్ణయమే తలకిందులయ్యేది.

ఇక మొదట వాయిదా వేసిన ప్రశ్న. కోల్డ్ స్టోరేజీ స్థలానికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని, దానికి ఈ రోజే 1.90 లక్షలు కట్టాలని తరువాత తెలిసిందనుకుందాం. అది పట్టికలో లేదు కనుక వచ్చిన జవాబులోంచి నేరుగా తీసివేస్తాము. 4.04 నుంచి 1.90 పోతే 2.14, ఐస్ ప్లాంటు 2.03 కంటే కొంచెం ఎక్కువే. పెట్టుబడిని ఫంక్షన్ లోపల పెట్టినవారికి ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చుకు ముందు జవాబులు 3.61, 1.81గా వచ్చి ఉంటాయి. 3.61 నుంచి 1.90 పోతే 1.71, అది 1.81 కంటే తక్కువ. వారు ఐస్ ప్లాంటు కడతారు. తప్పు రెండు వైపులా సమానంగా ఉన్నంతవరకే దాగుతుంది, ఈ రోజు రూపాయలలో ఉన్న ఒక్క అంకెను పక్కన చేర్చగానే బయటపడుతుంది.

పెట్టుబడి తిరిగి వచ్చే కాలం, అంటే పేబ్యాక్, కట్టడం సులువు కనుక క్లుప్తంగా చెబుతాను. ఐస్ ప్లాంటు రెండేళ్లలో 34 లక్షలు తెస్తుంది. మిగిలిన 6 లక్షలు మూడో ఏడాది 10 లక్షలలోంచి రావాలి కనుక 2.6 ఏళ్లు. కోల్డ్ స్టోరేజీ మూడేళ్లలో 30 తెస్తుంది, మిగిలిన 10 నాలుగో ఏడాది 16లోంచి వస్తాయి కనుక సుమారు 3.63 ఏళ్లు. పేబ్యాక్ ప్రకారం ఐస్ ప్లాంటు ఏడాదికి పైగా ముందుంది, నికర వర్తమాన విలువ మాత్రం కోల్డ్ స్టోరేజీనే చూపిస్తోంది. ఐదో ఏడాది గడి 13 అయినా 18 అయినా 3.63లో మార్పు ఉండదని కూడా గమనించండి. పెట్టుబడి తిరిగివచ్చిన తరువాతి రాబడులను పేబ్యాక్ చూడనే చూడదు. కోల్డ్ స్టోరేజీ బలమంతా ఆ చివరి రెండేళ్లలోనే ఉంది. ఒకదానినే ఎంచుకోవలసి వచ్చి, 12 శాతానికి సొమ్ము దొరుకుతున్నంతకాలం నేను నికర వర్తమాన విలువ మాటే వింటాను. మూడేళ్లలో అప్పు తీర్చాలన్న షరతు నెత్తిమీద ఉంటే అప్పుడు ఐస్ ప్లాంటు వైపు చూడవలసిందే.

ఆ 2.6లో ఒక ఊహ దాగి ఉంది. ఏడాది పొడవునా సొమ్ము సమానంగా వస్తుందని అనుకుంటేనే 0.6 ఏడాది అంటే ఏడు నెలల పైచిలుకు అవుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులలో హార్బరులో ఐసుకు గిరాకీ దాదాపు ఉండదు. మన ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుందనుకుంటే, మూడో ఏడాది 10 లక్షలు మిగతా పది నెలలలో, నెలకు లక్ష చొప్పున వస్తాయి. ఏప్రిల్ మొదటి పక్షంలో అర లక్ష, జూన్ మధ్య నుంచి నవంబరు చివరికి అయిదున్నర లక్షలు కలిస్తే 6 లక్షలు నిండుతాయి. కనుక పెట్టుబడి తిరిగివచ్చేది నవంబరు తొలి వారంలో కాదు, నవంబరు చివర. అప్పు కిస్తీలు ఈ తేదీని బట్టి పెట్టుకున్నవారికి ఆ మూడు వారాలు చిన్న విషయం కాదు.

అభ్యాసం కోసం మూడు ప్రశ్నలు. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు లేదనుకుని, కోల్డ్ స్టోరేజీ ఐదో ఏడాది రాబడి ఎంతకు తగ్గితే రెండు ప్రాజెక్టుల నికర వర్తమాన విలువలు సమానమవుతాయో రెండు దశాంశ స్థానాల వరకు కట్టండి. తరువాత రేటును 15 శాతానికి పెంచి రెండింటినీ వెనక్కి కట్టే పద్ధతిలోనే తిరిగి కట్టి, వాటిలో ఏది సున్నా కిందికి జారిందో రాయండి. చివరగా ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చును కలిపి కోల్డ్ స్టోరేజీ పేబ్యాక్‌ను ఏళ్లు, నెలలలో చెప్పండి. జవాబుతో పాటు కాలిక్యులేటర్ మీద వచ్చిన మధ్య అంకెలన్నీ రాసి పంపాలి. చివరి అంకె ఒక్కటే పంపితే పొరపాటు ఏ మెట్టులో జరిగిందో నాకు తెలియదు.