ఎర్రర్ బాక్సు స్క్రీన్‌షాట్‌లోని పాఠాన్ని ఉన్నదున్నట్టు టైప్ చేయడం: సమస్య - పరిష్కారం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. కాంటా గదిలోని కంప్యూటర్ నుంచి ఆఫీసులోని షేర్డ్ ప్రింటర్‌కు బిల్లు పోవట్లేదు. గుమస్తా స్క్రీన్‌షాట్ తీసి, "అన్నా, ప్రింట్ వస్తలేదు, జర చూడు" అని నల్లగొండలోని టెక్నీషియన్‌కు వాట్సాప్ చేశాడు. ఆయన చూసి టైప్ చేసుకున్నది ఇది:

```
Operation failed with error 0x000011b
```

సమస్య: ఈ కోడ్‌తో వెతికితే పనికొచ్చేది దొరక్కపోవచ్చు.

కారణం: ఒక సున్నా జారిపోయింది. విండోస్‌లో ఇలాంటి కోడ్‌కు `0x` తర్వాత మామూలుగా ఎనిమిది స్థానాలుంటాయి. ఇక్కడ ఏడే ఉన్నాయి.

పరిష్కారం: బొమ్మను పెద్దది చేసి నాలుగేసి చొప్పున విడగొట్టి చదవాలి: `0000`, తర్వాత `011b`. అసలు కోడ్ `0x0000011b`. 2021 సెప్టెంబర్ విండోస్ అప్‌డేట్ల తర్వాత షేర్డ్ ప్రింటర్ల దగ్గర చాలామందిని సతాయించింది ఇదే.

ఈ కోడ్లలో 0 నుంచి 9 వరకు అంకెలు, A నుంచి F వరకు అక్షరాలు మాత్రమే వస్తాయి. కాబట్టి O కనిపిస్తే అది సున్నా, l కనిపిస్తే అది ఒకటి. ఇంతవరకు తేలికే. అసలు చిక్కు b, 6 దగ్గర. రెండూ చెల్లుతాయి కాబట్టి నియమం మనల్ని కాపాడదు, కన్నే కాపాడాలి. b వీపు నిటారుగా ఉంటుంది, 6 పైకొస తల వంచుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వంపు మసకబారుతుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

సమస్య: ఫలానా ఫైలు లేదని ఎర్రర్ బాక్సు చెబితే ఆ ఫైలు వేశాం, అయినా అదే ఎర్రర్ మళ్లీ వస్తోంది.

కారణం: ఫైలు పేర్లకు పై నియమం వర్తించదు. `VCRUNTIME140.dll`, `VCRUNTIME140_1.dll` రెండూ వేర్వేరు ఫైళ్లు. బొమ్మ నుంచి అక్షరాలు లాగే టూల్ కింది గీతను ఖాళీగా తీసుకోవచ్చు, అసలే వదిలేయవచ్చు.

పరిష్కారం: టూల్ ఇచ్చిన పాఠాన్ని బొమ్మ పక్కన పెట్టి, వెనక నుంచి ముందుకు సరిచూడండి. ముందు నుంచి చదివితే అలవాటైన పేరే కనిపిస్తుంది. పాత్‌లో `C:\Program Files (x86)\` లాంటిచోట వెనక్కి వాలిన గీత, ఖాళీ, బ్రాకెట్లు మూడూ ఉన్నాయా అని చూడండి. నోట్‌ప్యాడ్‌లోనే టైప్ చేయండి. వర్డ్ అయితే నిటారు కోట్ గుర్తులను తనంతట తానే వంకర గుర్తులుగా మార్చేస్తుంది.

బాక్సు ఇంకా తెరిచే ఉంటే ఈ తిప్పలేవీ అక్కర్లేదు. గుమస్తాను `OK` నొక్కకుండా ఆపి, బాక్సు మీదే `Ctrl+C` కొట్టించి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయించండి. విండోస్ మామూలు మెసేజ్ బాక్సులైతే టైటిల్, పాఠం, బటన్ పేర్లతో సహా వచ్చేస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు సొంతంగా చేసుకున్న బాక్సుల్లో ఇది పనిచేయదు. అప్పుడు బొమ్మే దిక్కు. అందులో ఎంత చూసినా తేలని అక్షరం ఉంటే ఊహించి నింపకుండా, ఆ స్థానంలో `[?]` పెట్టి పంపండి.