ఓవెన్ లేకుండా కేక్: అడుగు మాడకుండా

కుక్కర్‌లో కేక్ చేస్తే సాధారణంగా వచ్చే తంటా ఒకటే: అడుగు మాడుతుంది, నడుమ పిండి పచ్చిగా మిగులుతుంది. వేడంతా కింది నుంచే రావడం దీనికి కారణం. అందుకే కుక్కర్ అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టండి. నీళ్లు పోయొద్దు. మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, ఇది మాత్రం మర్చిపోకండి. ఇక్కడ మనకు కావాల్సింది పొడి వేడి, ప్రెషర్ కాదు. పైగా పొడి వేడికి రబ్బరు పాడవుతుంది.

మూత పెట్టి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా పిండి కలిపి, గిన్నెలో సగానికి కాస్త పైదాకా పోయండి. గిన్నె కుక్కర్ గోడలకు తగలకూడదు, తగిలిన వైపు ముందే మాడుతుంది. గిన్నె లోపల పెట్టాక మంట బాగా తగ్గించండి. కప్పు మైదాతో చేసిన కేకుకు 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మొదటి అరగంట మూత తీయొద్దు, తీస్తే పొంగిన కేక్ నడుమ కుంగిపోతుంది.

పైన ఎర్రగా కాలే దాకా ఆగకండి. పై నుంచి వేడి తగలదు కాబట్టి ఆ రంగు ఎలాగూ రాదు, ఎదురుచూస్తే కేక్ ఎండిపోతుంది. నడుమ గుచ్చిన పుల్లకు పిండి అంటకపోతే దించేయండి.

కుక్కర్ బదులు బరువైన దళసరి గిన్నె వాడినా ఇదే పద్ధతి. పలుచని గిన్నె, నాన్‌స్టిక్ వద్దు. ఉప్పు చల్లారాక డబ్బాలో పోసుకుంటే మళ్లీ కేకులకే వాడుకోవచ్చు. కుక్కర్‌లోనే వదిలేస్తే తేమ పట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది.