ఒకే లావాదేవీని రెండుసార్లు ఎందుకు రాయాలి? జిరాక్స్ షాపు లెక్కతో జంటపద్దు నేర్చుకోండి

స్కూలు పక్కన చిన్న జిరాక్స్, స్టేషనరీ షాపు పెట్టారనుకోండి. సొంత డబ్బు 60,000 రూపాయలతో మొదలుపెట్టారు. కొన్ని రోజుల తర్వాత గల్లాపెట్టె లెక్కపెడితే 35,500 ఉంది. వచ్చింది, పోయింది అని ఒక్క వరుసలో రాసుకునే నోటుపుస్తకం ప్రకారం 24,500 రూపాయలు ఆవిరైపోయాయి. నిజానికి మీరు 500 రూపాయల లాభంలో ఉన్నారు. ఈ తేడా ఎక్కడిదో తెలిస్తే జంటపద్దు విధానం సగం అర్థమైనట్లే.

ముందుగా ఒక గీత గీయండి. షాపు వేరు, మీరు వేరు. షాపులో ఉన్న ప్రతి వస్తువు మీద ఎవరికో ఒకరికి హక్కు ఉంటుంది. అప్పు ఇచ్చినవాళ్లకు రావలసింది పోగా మిగిలినదంతా యజమానిది. దాన్నే ఇలా రాస్తారు:

ఆస్తులు = అప్పులు + మూలధనం

ఎడమవైపు షాపు దగ్గర ఏమున్నాయో చెబుతుంది, కుడివైపు అవి ఎవరి డబ్బుతో వచ్చాయో చెబుతుంది. ఒకే సొత్తును రెండు వైపుల నుంచి చూస్తున్నాం కాబట్టి మొత్తాలు సమానంగా ఉండక తప్పదు. లావాదేవీని రెండుసార్లు రాయడానికి కారణం కూడా ఇదే. ఒక్కచోటే రాస్తే సమానత్వం చెడుతుంది.

1. పెట్టుబడి, అప్పు రాయండి

మీ జేబులోని 60,000 షాపులోకి వచ్చింది. నగదు 60,000, మూలధనం 60,000. తర్వాత బ్యాంకు నుంచి 40,000 అప్పు తీసుకున్నారు. నగదు లక్ష అయింది, కుడివైపు అప్పు 40,000 చేరింది.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. గల్లాలో డబ్బు పెరిగింది కదా అని అప్పును ఆదాయంలో కలిపేస్తారు. రెండో పద్దు రాయవలసి వచ్చినప్పుడు ‘ఈ డబ్బు ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. ‘బ్యాంకుది’ అని రాసిన తర్వాత దాన్ని లాభం అనుకోలేరు.

2. కొనుగోళ్లు రాయండి

నగదు ఇచ్చి 55,000కు జిరాక్స్ యంత్రం కొన్నారు. నగదు 45,000కు తగ్గింది, యంత్రం 55,000 చేరింది. రెండూ ఎడమవైపువే, కుడివైపు ఏమీ కదలలేదు. రెండు పద్దులంటే చెరోవైపు ఒకటి ఉండాలని నియమమేమీ లేదు. డబ్బు యంత్రంగా మారింది, అంతే.

టోకు వ్యాపారి దగ్గర 20,000 విలువైన నోటుపుస్తకాలు, పెన్నులు అరువుకు తెచ్చారు. సరుకు 20,000 పెరిగింది, అప్పులు కూడా 20,000 పెరిగి 60,000 అయ్యాయి. ఒక్క రూపాయి చేతులు మారకపోయినా రెండు పద్దులు పడ్డాయి. నగదు మాత్రమే రాసుకునేవాళ్ల పుస్తకంలో ఈ లావాదేవీ ఆనవాలే ఉండదు.

3. అమ్మకం దగ్గర నెమ్మదించండి

మీరు 6,000కు కొన్న సరుకును 8,000కు అమ్మారు. 5,000 చేతికి వచ్చింది, 3,000 స్కూలు వాళ్లు తర్వాత ఇస్తామన్నారు. ఎడమవైపు నగదు 5,000 పెరిగింది, రావలసిన బాకీ 3,000 చేరింది, సరుకు 6,000 తగ్గింది. అంటే ఆస్తులు నికరంగా 2,000 పెరిగాయి. మరి కుడివైపు ఏది పెరగాలి? బ్యాంకుకో టోకు వ్యాపారికో మీరు బాకీపడ్డది పెరగలేదు. కాబట్టి ఆ 2,000 మీదే. మూలధనం 62,000 అవుతుంది.

లాభం అంటే ఇదే. అది గల్లాలో విడిగా కనిపించేది కాదు, యజమాని హక్కులో వచ్చిన పెరుగుదల. అందుకే ఇంకా చేతికి రాని 3,000 కూడా ఈ లెక్కలోకి వచ్చింది.

4. ఖర్చును, సొంతవాడకాన్ని విడదీయండి

అద్దె 1,500 కట్టారు. నగదు తగ్గింది, మూలధనమూ అంతే తగ్గింది. ఇంటి సరుకుల కోసం గల్లా నుంచి 1,000 తీసుకున్నారు. దీనికీ నగదు, మూలధనం రెండూ తగ్గుతాయి. కానీ ఇది షాపు ఖర్చు కాదు, సొంతవాడకం. దీన్ని అద్దెతో కలిపి రాస్తే షాపు 500 నష్టంలో ఉన్నట్లు కనిపిస్తుంది. చివరగా టోకు వ్యాపారికి 12,000 చెల్లించారు. నగదు, అప్పు రెండూ ఆ మేరకు తగ్గాయి.

5. సరిచూడండి

ఎడమవైపు: నగదు 35,500, స్కూలు బాకీ 3,000, సరుకు 14,000, యంత్రం 55,000. మొత్తం 1,07,500.
కుడివైపు: బ్యాంకు 40,000, టోకు వ్యాపారి 8,000, మూలధనం 59,500. మొత్తం 1,07,500.

మూలధనం 60,000 నుంచి 500 తగ్గిందేమిటి అనుకోకండి. అమ్మకంపై 2,000 వచ్చి అద్దెకు 1,500 పోయింది కాబట్టి లాభం 500. ఇంటికి తీసుకున్నది 1,000. యంత్రం అరుగుదల, బ్యాంకు వడ్డీ ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. అవీ వేస్తే లాభం ఇంకా తగ్గుతుంది.

డెబిట్, క్రెడిట్ మాటేమిటి?

పుస్తకంలో ప్రతి ఖాతాకు రెండు వైపులుంటాయి. ఎడమది డెబిట్, కుడిది క్రెడిట్. మంచి, చెడులతో వీటికి సంబంధం లేదు. ఆస్తి పెరిగితే డెబిట్, అప్పు లేదా మూలధనం పెరిగితే క్రెడిట్. తగ్గితే తలకిందులు. అద్దె మూలధనాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఖర్చులన్నీ డెబిట్‌లోకి వస్తాయి. ‘మరి నా ఖాతాలో డబ్బు వేస్తే బ్యాంకు క్రెడిట్ అంటుందే?’ అని చాలామంది అడుగుతారు. బ్యాంకు రాసేది తన పుస్తకం. మీరు వేసిన డబ్బు బ్యాంకు మీకు బాకీపడ్డ డబ్బు, అంటే దానికి అప్పు. అప్పు పెరిగితే క్రెడిటే కదా.

లూకా పాచోలీ అనే గణిత పండితుడు 1494లో వెనిస్‌లో అచ్చువేయించిన పుస్తకంలో ఈ విధానాన్ని వివరించాడు. దీన్ని కనిపెట్టింది ఆయనే అని రాసేవాళ్లున్నారు, అది సరికాదు. అప్పటికే ఇటలీ వర్తకులు వాడుతున్న పద్ధతినే ఆయన అక్షరబద్ధం చేశాడు.

మొత్తాలు కలవకపోతే

ఖాతాల నిల్వలను డెబిట్, క్రెడిట్ వరుసల్లో వేసి చూసే పట్టీని అంకణా అంటారు. రెండు మొత్తాలకు తేడా వస్తే ముందు దాన్ని సగం చేయండి. 3,000 తేడా ఉంటే 1,500 కోసం వెతకండి. డెబిట్ కావలసిన అద్దె క్రెడిట్‌లో పడితే సరిగ్గా అంత తేడా వస్తుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు. 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900.

కొన్ని తప్పులు మాత్రం అంకణాకు చిక్కవు. అసలు రాయడమే మరచిపోయిన లావాదేవీ చిక్కదు. అద్దె 1,500ను పొరపాటున యంత్రం ఖాతాలో వేసినా మొత్తాలు చక్కగా కలుస్తాయి, లాభం మాత్రం 500కు బదులు 2,000 అని కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే కాగితాలు తీయాల్సిందే. యంత్రం బిల్లులో 55,000 ఉంటుంది, పుస్తకంలో 56,500 ఉంటుంది. ఆ 1,500 ఎక్కడిదో సొరుగులో ఉన్న అద్దె రశీదు చెబుతుంది.