హోటల్ లెక్కలు, 4వ పాఠం: లాభం నుంచి నగదు దాకా

గత పాఠంలో లాభనష్టాల ఖాతా పూర్తిచేశాం. ఉదాహరణగా కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక హోటల్ అనుకున్నాం కదా. 2024-25లో దాని నికర లాభం 6,00,000. ఏప్రిల్ 1న గల్లాలో, బ్యాంకులో కలిపి 2,30,000 ఉంది. మార్చి 31న చూస్తే మిగిలింది 80,000. ఆరు లక్షలు లాభం వచ్చిన ఏడాదిలో చేతిలో డబ్బు లక్షన్నర తగ్గింది. ఎందుకు తగ్గిందో ఇప్పుడు నగదు ప్రవాహ పట్టికతో చూద్దాం. పరోక్ష పద్ధతిలో రోజువారీ బిల్లులు తిరగేయనక్కర్లేదు. లాభంతో మొదలుపెట్టి, డబ్బు కదలకుండా లాభాన్ని మార్చిన వాటిని సరిచేస్తాం.

ముందు తరుగుదల, 1,80,000. గ్రైండర్లు, ఏసీల విలువ ఏడాదికింత తగ్గుతుందని ఖర్చు రాశాం కానీ దానికోసం ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. కాబట్టి లాభానికి కలపాలి. బ్యాంకు లోనుపై కట్టిన వడ్డీ 90,000 కూడా కలుపుతాం. ఇది నిజంగా కట్టిన డబ్బే అయినా అప్పుకు సంబంధించినది కాబట్టి, అకౌంటింగ్ స్టాండర్డ్ 3 ప్రకారం కింద, అప్పుల భాగంలో చూపిస్తాం. పాత ఫ్రిజ్ పుస్తకంలో 30,000 విలువ ఉండగా 40,000కు అమ్మారు. ఆ 10,000 లాభం ఇడ్లీ దోసెలు అమ్మి వచ్చింది కాదు, అందుకని ఇక్కడ తీసేయాలి. అమ్మకం మొత్తం 40,000 పెట్టుబడుల భాగంలోకి వెళ్తుంది. ఇప్పటికి 8,60,000 అయింది.

ఇక చాలామంది తికమకపడేది సరుకు, బాకీల దగ్గర. ఏడాది మొదట్లో ఎంత, చివర్లో ఎంత అని చూసి తేడా మాత్రమే తీసుకోవాలి. బియ్యం, నూనె, పప్పుల నిల్వ 1,20,000 నుంచి 1,70,000 అయింది. అంటే 50,000 సరుకు రూపంలో గోదాములో కూర్చుంది, తీసేయాలి. పెళ్లి భోజనాల బాకీలు, డెలివరీ యాప్ నుంచి ఇంకా రావాల్సినవి కలిపి 40,000 నుంచి 2,00,000కు పెరిగాయి. బిల్లు రాసిన రోజే అమ్మకంగా లెక్కేసుకున్నాం కానీ 1,60,000 ఇంకా చేతికి రాలేదు, అదీ తీసేయాలి. ఈ హోటల్‌ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. కిరాణా, కూరగాయల వాళ్లకు మనం ఇవ్వాల్సింది 1,50,000 నుంచి 1,10,000కు తగ్గింది. పాత బాకీ తీర్చడానికి 40,000 పోయింది, తీసేయాలి. ఇవ్వాల్సింది పెరిగి ఉంటే కలిపేవాళ్లం.

8,60,000లోంచి ఈ మూడూ పోగా 6,10,000. హోటల్ నడపడం వల్ల నిజంగా చేతికొచ్చిన నగదు ఇదే.

పెట్టుబడుల భాగం చిన్నది. కొత్త స్టీమర్, డీప్ ఫ్రీజర్‌లకు 3,50,000 పోయింది, ఫ్రిజ్ అమ్మితే 40,000 వచ్చింది. నికరంగా 3,10,000 బయటికి పోయింది.

మూడోది అప్పులు, యజమాని సొమ్ము. లోను అసలు 1,20,000, వడ్డీ 90,000, యజమాని ఇంటికి వాడుకున్నది 2,40,000. మొత్తం 4,50,000 పోయింది. హోటల్ ఒక్కరి పేరు మీద ఉంటే ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ఆయన సొంత ఆదాయపు పన్ను, హోటల్ ఖాతాలోంచి కట్టినా సరే, ఇవన్నీ సొంత వాడకం కిందే వస్తాయి. వాటిని జీతాల ఖర్చులోనో, ఇతర ఖర్చుల్లోనో రాస్తే లాభం తక్కువగా కనిపిస్తుంది. ఈఎంఐ మొత్తాన్ని ఖర్చు రాసేసినా అదే తప్పు. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు కాదు. రెండింటినీ విడదీయడానికి బ్యాంకు ఇచ్చే లోను స్టేట్‌మెంట్ తీసుకోండి.

6,10,000లోంచి 3,10,000, 4,50,000 తీస్తే మైనస్ 1,50,000. మొదటి 2,30,000లోంచి అది పోతే 80,000. గల్లా, పాస్‌బుక్కు కలిపి చూసిన మొత్తంతో సరిపోయింది.

సరిపోకపోతే టెన్షన్ పడకండి. తేడాను సగం చేసి, ఆ అంకె పట్టికలో ఎక్కడైనా ఉందేమో చూడండి. సరఫరాదారుల 40,000ను తీసేయాల్సింది పోయి కలిపితే చివర్లో 80,000 ఎక్కువ వస్తుంది. 80,000లో సగం 40,000, అంటే ఆ వరుసలోనే ప్లస్, మైనస్ తారుమారైంది. సగం కాకుండా తేడా అంకే పట్టికలో కనిపించని ఏదైనా మొత్తానికి సమానమైతే, అది రాయడమే మరిచారన్నమాట.

ఇంకో చిక్కుంది. ఫ్రీజర్‌ను అప్పుకు తెచ్చి మార్చి 31 నాటికి డబ్బు కట్టకపోతే, ఆ బాకీని కూరగాయల వాళ్ల బాకీతో కలపకూడదు. కలిపితే నడపడం వల్ల వచ్చిన నగదు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చివరి మొత్తం మాత్రం సరిపోతూనే ఉంటుంది కాబట్టి ఈ తప్పు సగం చేసే చిట్కాకు దొరకదు. బాకీల జాబితాను ఒక్కొక్క పేరూ చదివి పట్టుకోవాల్సిందే.

వచ్చే పాఠానికి మీ హోటల్ గత 2 సంవత్సరాల మార్చి 31 బ్యాలెన్స్ షీట్లు, లోను స్టేట్‌మెంట్, ఆ రెండు తేదీల నాటి బాకీల జాబితాలు తీసిపెట్టుకోండి. జీఎస్టీ వసూలుచేసి ఇంకా కట్టని మొత్తం ఈ పట్టికలో ఎక్కడ పడుతుందో అక్కడ చూద్దాం.